బల్క్ ఆర్డర్ కొటేషన్‌లో పేమెంట్ షరతులు, రేటు గడువు తిరగరాయడం ఎలా

రేణిగుంట దగ్గర గాజులమండ్యం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు చేసే ఒక చిన్న యూనిట్ అనుకోండి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కొటేషన్ పంపుతోంది. 3.1 కిలోల టిన్నులు ఆరు పట్టే ఐదు పొరల పెట్టె, రెండు రంగుల ప్రింటు, 12,000 పెట్టెలు, ఒక్కోటి 42 రూపాయలు. కొలతలు, కాగితం జీఎస్‌ఎం, ప్రింటు వివరాలు పై గళ్లలో పొందిగ్గా రాసి ఉంటాయి. అడుగున మాత్రం ఈ నాలుగు ముక్కలు:

> పేమెంట్: 50 శాతం అడ్వాన్సు, మిగతాది డెలివరీ తర్వాత. జీఎస్టీ అదనం. ఈ రేట్లు కొద్దికాలం మాత్రమే. ముందస్తు నోటీసు లేకుండా రేట్లు మారవచ్చు.

గొడవ వచ్చే చోటు ఇదే. ‘డెలివరీ తర్వాత’ అంటే ఎన్నాళ్లకు? ‘కొద్దికాలం’ ఏ తేదీతో ముగుస్తుంది? పార్టీ ఫోన్లో సరే అంటే రేటు ఖాయమైనట్టా, డబ్బు పడ్డాకనా? వీటికి కాగితం మీద జవాబు లేకపోతే, ఎవరి దగ్గర డబ్బు ఆగి ఉందో వారి మాటే చెల్లుతుంది. ఆ డబ్బు ఎప్పుడూ పార్టీ దగ్గరే ఉంటుంది.

ఈ నాలుగు ముక్కల్ని ఒక్కొక్కటిగా విప్పి తిరిగి రాద్దాం. ఇక్కడి రేట్లు, బరువులు, తేదీలు లెక్క తెలియడానికి పెట్టుకున్నవి. వాటి చోట మీ సరుకువి వేసుకోండి. స్టీలు పాత్రలు చేసేవారికైనా, గుడ్డ సంచులు కుట్టేవారికైనా లెక్క ఇదే తీరున నడుస్తుంది.

1. ముందు మీ రేటు దేని మీద నిలబడిందో తేల్చుకోండి

గడువు రాయడానికి కూర్చునే ముందు ఒక చిన్న లెక్క వేయండి. ఈ పెట్టెకు తరుగుతో కలిపి 800 గ్రాముల క్రాఫ్ట్ కాగితం పడుతుంది. కిలో 34 రూపాయలైతే కాగితం ఖర్చు 27.20. మిగిలిన 14.80లో జిగురు, ఇంకు, పిన్నుల తీగ, కరెంటు, కూలీ, లారీ బాడుగ, మీ లాభం అన్నీ సర్దుకోవాలి. అంటే రేటులో ప్రతి రూపాయికీ దాదాపు 65 పైసలు మీ చేతిలో లేని ధర. అది కాగితం మిల్లు చేతిలో ఉంది.

కాగితం కిలోకు 3 రూపాయలు పెరిగితే పెట్టెకు 2.40 భారం. 12,000 పెట్టెలకు 28,800. పెట్టెకు 3 రూపాయల లాభం చూసుకున్న యూనిట్‌కు మొత్తం ఆర్డరు మీద వచ్చేది 36,000. అందులో ఈ ఒక్క పెరుగుదల ఎంత తినేస్తుందో చూడండి.

కాబట్టి మిల్లునో, కాగితం డీలర్‌నో రెండు సంగతులు అడిగి తెలుసుకోండి. ఈ రేటు ఏ తేదీ దాకా ఉంటుంది? ఆ తేదీలోపు ఎంత డబ్బు కడితే రేటు నాకు ఖాయమవుతుంది? జవాబును వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీ కొటేషన్ గడువు ఆ తేదీని దాటకూడదు. దానికి రెండు రోజుల ముందే ముగిస్తే ఇంకా మంచిది. పార్టీ డబ్బు మీ ఖాతాలో పడి, మీరు మిల్లుకు కట్టి, బుకింగ్ వేయడానికి ఆ రెండు రోజులు కావాలి.

‘30 రోజులు’ అని అలవాటుగా రాసేవారు ఎక్కువ. పాత కొటేషన్ ఫైలు తీసి పేరు, రేటు మార్చి పంపడం వల్ల ఆ 30 అలాగే ఉండిపోతుంది. మిల్లు ఏడు రోజులకే మాటిస్తుంటే మీరు 30 రోజులకు మాటిచ్చినట్టయితే, మిగిలిన 23 రోజుల ధర రిస్కును ఉత్తినే మోస్తున్నారు.

2. గడువును తేదీ, గంటతో రాయండి

‘7 రోజులు’ అని రాస్తే కొటేషన్ తేదీ నుంచా, పార్టీకి చేరిన రోజు నుంచా, మధ్యలో ఆదివారం లెక్కలోకి వస్తుందా అని మూడు రకాలుగా చదవొచ్చు. ముగింపు తేదీ రాస్తే ఇవేవీ ఉండవు. ఏప్రిల్ 20, సోమవారం మిల్లు రేటు తీసుకున్నారు, అది 27, సోమవారం దాకా ఉంటుంది అనుకుందాం. మీ గడువు 25, శనివారం సాయంత్రం 4 గంటలు. కానీ ఏప్రిల్ 25 నాలుగో శనివారం, ఆ రోజు బ్యాంకులకు సెలవు. నెఫ్ట్, ఆర్టీజీఎస్ సెలవు రోజుల్లోనూ నడుస్తాయి గానీ, పార్టీ చెక్కు ఇచ్చేవారైతే పని ఆగిపోతుంది. అందుకని 24, శుక్రవారం సాయంత్రం 4 అని పెట్టుకోవడం మేలు.

తర్వాత ‘ముందస్తు నోటీసు లేకుండా రేట్లు మారవచ్చు’ అనే వాక్యాన్ని కొట్టేయండి. పై వాక్యంలో ఫలానా తేదీ దాకా రేటు ఉంటుందని చెప్పి, కింద ఎప్పుడైనా మారుస్తాం అంటే మొదటి మాటకు విలువ లేకుండా పోతుంది. పెద్ద ఫ్యాక్టరీ పర్చేజ్ విభాగం ఇలాంటి కొటేషన్‌ను పోలిక పట్టికలో ఎక్కించడానికే సందేహిస్తుంది. గడువు ముగిశాక రేటు దానంతటదే రద్దవుతుంది కాబట్టి మీకూ ఆ వాక్యంతో పని లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 6వ సెక్షన్ ఇదే చెబుతుంది. ప్రతిపాదనలో గడువు ఇచ్చి ఉంటే, ఆ గడువు దాటగానే ప్రతిపాదన రద్దు. గడువు ఇవ్వకపోతే ‘సహేతుకమైన కాలం’ దాకా అది బతికే ఉంటుంది. ఎంత కాలం సహేతుకం అన్నది వాదులాటకు దారి. ‘కొద్దికాలం’ అని రాయడం వల్ల వచ్చే చిక్కు అక్కడే ఉంది.

3. ‘ఒప్పుకున్నట్టు’ అంటే ఏమిటో రాయండి

తిరగరాసేటప్పుడు చాలామంది వదిలేసేది ఈ భాగాన్నే. అసలు బలం ఉన్నది కూడా ఇందులోనే.

గడువు చివరి రోజు పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. ‘అన్నా, ఆర్డరు మీకే. పీవో సోమవారం పంపిస్తా, పని మొదలుపెట్టండి.’ మీరు సంతోషంగా సరే అంటారు. పీవో, అంటే రాతపూర్వక కొనుగోలు ఆర్డరు, పది రోజులకు వస్తుంది, అడ్వాన్సు ఇంకో వారానికి. ఈలోపు కాగితం పెరిగింది. ఇప్పుడు రేటు పెంచాలంటే, ‘గడువులోపలే చెప్పినాను కదన్నా’ అంటాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మాట గడువులోపలే ఇచ్చారు, డబ్బు మాత్రం తర్వాత వచ్చింది. ఆ రెండింటిలో ఏది లెక్కో మీ కొటేషన్ చెప్పలేదు.

అదే 6వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. అంగీకారానికి ముందు నెరవేరాల్సిన షరతు పెట్టి, అవతలివారు దాన్ని నెరవేర్చకపోతే ప్రతిపాదన రద్దవుతుంది. అడ్వాన్సును మీరు అలాంటి షరతుగా రాసుకోవచ్చు. సంతకం చేసిన పీవో అందడం, అడ్వాన్సు మీ ఖాతాలో జమ కావడం, ఈ రెండూ గడువులోపు జరిగితేనే రేటు ఖాయం. ‘పంపడం’ అని కాకుండా ‘జమ కావడం’ అని రాయండి. చెక్కు ఫొటో, ట్రాన్స్‌ఫర్ చేశామన్న స్క్రీన్‌షాట్ జమ కిందికి రావు. బదిలీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు పంపమని అడిగి, మీ బ్యాంకు స్టేట్‌మెంటులో చూసుకున్నాకే మిల్లుకు డబ్బు కట్టండి.

డెలివరీ రోజుల లెక్కను కూడా దీనికే ముడిపెట్టాలి. ప్రింటు పెట్టెలకు ఇంకో మెలిక ఉంది. అడ్వాన్సు పడినా, పెట్టె మీది అక్షరాల డిజైన్‌ను పార్టీ ఖరారు చేయకపోతే ప్రింటుకు కావాల్సిన అచ్చు, అంటే స్టీరియో, చేయించలేరు. ‘అడ్వాన్సు జమ, డిజైన్ ఆమోదం, ఈ రెండింటిలో ఏది తర్వాత జరిగితే ఆ రోజు నుంచి 12 పని దినాలు’ అని రాస్తే, వాళ్ల ఆలస్యం మీ ఖాతాలో పడదు.

4. అడ్వాన్సు ఎంత, దేని మీద

50 శాతం అని అందరూ రాస్తారు. దేనిలో 50 శాతమో రాసేవారు తక్కువ. ఈ ఆర్డరులో సరుకు విలువ 5,04,000. అట్టపెట్టెల మీద జీఎస్టీ 5 శాతం చొప్పున 25,200 కలిపితే 5,29,200. జీఎస్టీ లేకుండా సగం 2,52,000, కలిపితే 2,64,600. మీరు రెండోది అనుకుని, పార్టీ మొదటిది కడితే, మొదటి రోజే 12,600 తేడాతో మాట మొదలవుతుంది. శాతం పక్కనే రూపాయల్లో అంకె కూడా వేయండి.

జీఎస్టీ లేకుండా లెక్కగట్టడమే సులువు. సరుకుల సరఫరాకు తీసుకునే అడ్వాన్సు మీద అప్పుడే జీఎస్టీ కట్టక్కర్లేదు. 2017 నవంబర్ 15 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ఇన్‌వాయిస్ వేసినప్పుడు పన్ను కడితే చాలు. అడ్వాన్సుకు రిసీట్ వోచర్ మాత్రం ఇవ్వండి, దాని మీద కొటేషన్ నంబరు వేయండి.

50 శాతం మీకు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. మొత్తం ఆర్డరుకు 9,600 కిలోల కాగితం కావాలి. 34 చొప్పున 3,26,400. కాగితం మీద 18 శాతం జీఎస్టీ 58,752 కలిపితే మిల్లుకు కట్టేది 3,85,152. అడ్వాన్సు పోగా 1,33,152 మీ జేబులోంచి పెట్టాలి. మీరు కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా ఖాతాలో కనిపిస్తుంది గానీ, అమ్మకం మీద 5 శాతమే పడుతుంది కాబట్టి అది నెమ్మదిగా కరుగుతుంది, లేదా రీఫండుకు ఎదురుచూడాలి. అందుకే సరుకును విడతలుగా పంపేటప్పుడు మొదటి లాట్ బాకీని లారీ కదిలే ముందే తీసుకోవాలి. ఆ డబ్బే మీ జేబు ఖాళీని చాలావరకు పూడుస్తుంది.

పార్టీ పేరు ముద్రించిన పెట్టెలను ఇంకొకరికి అమ్మలేరు. అందువల్ల అడ్వాన్సును తగ్గించమంటే 40 శాతం దాకా దిగినా, స్టీరియో ఖర్చును విడిగా చూపించి మొత్తం ముందే తీసుకోండి. ఆర్డరు రద్దు చేసుకుంటే, అప్పటికి కోసిన కాగితం, ముద్రించిన సరుకు విలువ అడ్వాన్సులోంచి మినహాయించుకుంటామని ఒక వాక్యం ఉండాలి. ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అని గంపగుత్తగా రాయడం కన్నా ఇది నిలుస్తుంది, అడిగినప్పుడు లెక్క చూపించగలరు.

జీఎస్టీ గురించి ఒక్క మాట. ‘జీఎస్టీ అదనం’ బదులు ‘సరఫరా సమయంలో అమల్లో ఉన్న జీఎస్టీ అదనం, ప్రస్తుతం 5 శాతం’ అని రాయండి. అట్టపెట్టెల పన్ను 2024లో 18 నుంచి 12కు, 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5కు దిగింది. ఆర్డరు మధ్యలో మారితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న ప్రశ్న ఈ ఒక్క వాక్యంతో తేలిపోతుంది.

5. లాట్లుగా పంపేటప్పుడు అడ్వాన్సును ఎలా సర్దాలి

గుజ్జు ఫ్యాక్టరీ 12,000 పెట్టెలను ఒకేసారి దించుకోదు. తోతాపురి దిగుబడి ఊపందుకునే కొద్దీ 4,000 చొప్పున మూడు విడతల్లో కావాలంటుంది. ఒక్కో లాట్ బిల్లు 1,68,000, జీఎస్టీ 8,400, మొత్తం 1,76,400.

కొటేషన్‌లో ఏమీ రాయకపోతే పార్టీ అకౌంటెంట్ చేసే పని ఒకటే. మొదటి బిల్లు రాగానే అడ్వాన్సులోంచి మొత్తం మినహాయిస్తాడు. 2,52,000లో 1,76,400 మొదటి లాట్‌కు పోయింది. మిగిలిన 75,600 రెండో లాట్‌కు పోయింది. మూడో లాట్ వెళ్లే వేళకు మీ దగ్గర అడ్వాన్సు పైసా లేదు. రెండో లాట్ బాకీ 1,00,800, మూడో లాట్ 1,76,400 కలిసి 2,77,200 పార్టీ దగ్గర ఉండిపోయింది. సరుకంతా వాళ్ల గోడౌన్‌లో ఉంది. సీజన్ అయిపోయాక మీరు ఫోన్ చేస్తూ ఉంటారు.

‘అడ్వాన్సు ప్రతి లాట్‌లోనూ సమానంగా, లాట్‌కు 84,000 చొప్పున సర్దుబాటు అవుతుంది’ అని రాస్తే ప్రతి బిల్లు మీదా మిగిలేది 92,400. మొదటి రెండు లాట్లకు అది డెలివరీకి ముందే వస్తే, మూడో లాట్ అప్పుకిచ్చినా మీరు మోసే పెద్ద మొత్తం 92,400 దాటదు. 2,77,200 ఎక్కడ, 92,400 ఎక్కడ. రేటులో ఒక్క పైసా మార్చకుండా, ఒక్క వాక్యంతో వచ్చిన తేడా ఇది. కొత్త పార్టీ అయితే అడ్వాన్సును చివరి లాట్ నుంచి వెనక్కి సర్దుతామని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే సమాన సర్దుబాటుకు రండి. అంతకన్నా కిందికి మాత్రం వద్దు.

ప్రింటు సరుకులో అనుకున్న సంఖ్య సరిగ్గా రాదు. 5 శాతం అటూఇటూ వస్తుందని, బిల్లు నిజంగా దించిన సంఖ్యకే వేస్తామని పేమెంట్ గళ్లోనే చేర్చండి. ఆ తేడా చివరి లాట్ బిల్లులో తేలుతుంది.

6. అప్పు ఇచ్చే భాగానికి గడియారం ఎప్పుడు మొదలవుతుంది

‘బిల్లు నుంచి 30 రోజులు’ అని రాస్తే మీరు ఇన్‌వాయిస్ తేదీ నుంచి లెక్కపెడతారు. పార్టీ అకౌంట్స్ విభాగం సరుకు స్టోర్‌లో ఎక్కి, క్వాలిటీ చూసి, బిల్లు పుస్తకంలో రాసిన రోజు నుంచి లెక్కపెడుతుంది. రెండింటి మధ్య రెండు వారాలు సులువుగా జారిపోతాయి. దీనికి మందు, మీ చేతిలో ఆధారం ఉండే రోజును ఎంచుకోవడమే. ఫ్యాక్టరీ గేటు దగ్గర చలానా మీద ముద్ర, సంతకం పడిన తేదీ అలాంటిది. ‘చలానా మీద సరుకు అందినట్టు సంతకమైన తేదీ నుంచి 30 రోజులు’ అని రాయండి. లారీ డ్రైవరు ముద్ర వేసిన కాపీ తెచ్చేలా చూసుకోండి.

పార్టీ 60 లేదా 90 రోజులు అడగడం మామూలే. గుజ్జు ఎగుమతి డబ్బు వాళ్లకూ ఆలస్యంగా వస్తుంది. అయితే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ కిందికి వస్తే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ మీ వెనుక ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా, సరుకును అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. ఒప్పందంలో రోజుల ప్రస్తావనే లేకపోతే 15 రోజులు. సరుకు దిగిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దించిన రోజే అంగీకరించినట్టు. 90 రోజులకు మీరు సంతకం చేసినా చట్టం దృష్టిలో అది 45 దగ్గరే ఆగుతుంది.

ఆలస్యమైతే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. బ్యాంక్ రేటు 5.5 శాతం ఉంటే అది ఏడాదికి 16.5 శాతం అవుతుంది. ఈ వాక్యాన్ని కొటేషన్‌లో బెదిరింపులా పెట్టొద్దు. ‘ఉద్యమ్ నమోదిత చిన్న పరిశ్రమ, నంబరు ఫలానా, ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15, 16 సెక్షన్లు వర్తిస్తాయి’ అని ఒక వరుస చాలు. ఉద్యమ్ నంబరు ఇన్‌వాయిస్ మీద కూడా ఉండాలి. పార్టీ అకౌంటెంట్‌కు ఈ నంబరు కనిపించడం వల్ల ఇంకో మేలుంది. చిన్న పరిశ్రమలకు ఈ గడువులోపు కట్టని బాకీని, నిజంగా కట్టిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపించుకోలేరని ఆదాయపు పన్ను నిబంధన ఉంది. అకౌంటెంట్లు 43బి(హెచ్) అని పిలిచేది అదే, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మార్చి నెలాఖరు దగ్గరపడితే మీరు అడక్కుండానే డబ్బు కదలడానికి ఇదొక కారణం. అయితే మీరు తయారుచేసి అమ్మితేనే ఈ రక్షణ. కొని అమ్మే వ్యాపారికి ఉద్యమ్ నంబరు ఉన్నా ఈ సెక్షన్లు వర్తించవు.

పాడైన పెట్టెల సాకుతో మొత్తం బిల్లు ఆపడం కూడా తరచూ జరుగుతుంది. 4,000లో 150 తడిసి ఉంటే, 150 విలువే ఆపాలి. కంటికి కనిపించే నష్టాన్ని దించేటప్పుడే చలానా మీద రాయాలి, లోపలి లోపాలను 7 రోజుల్లో ఫొటోలతో తెలపాలి, వివాదంలో ఉన్న పెట్టెల విలువ తప్ప మిగతాది గడువుకే కట్టాలి. ఈ మూడూ ఒకే వాక్యంలో ఇముడుతాయి.

7. పార్టీ గడువు పొడిగించమంటే

ఏప్రిల్‌లో కొటేషన్లు తెప్పించుకుని జూన్‌లో ఆర్డరు ఇవ్వడం గుజ్జు ఫ్యాక్టరీల పద్ధతి. కాయ ఎంత వస్తుందో, ఎగుమతి ఆర్డర్లు ఎన్ని ఉంటాయో వాళ్లకూ అప్పుడే తెలియదు. ‘జూన్ 15 దాకా రేటు ఉంచండి’ అంటారు. గడువును పొడిగించకుండా రేటుకు సూత్రం ఇవ్వండి.

ఏప్రిల్ 20 నాటి కాగితం ధర 34 ఆధారం. ఆర్డరు ఖాయమైన రోజు ధర 33 నుంచి 35 మధ్య ఉంటే పెట్టె 42కే. ఆ హద్దు దాటితే, దాటిన ప్రతి రూపాయికీ పెట్టెకు 80 పైసలు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కాగితం 37 అయితే హద్దు దాటింది 2 రూపాయలు, పెట్టె 43.60. ఇక్కడ ‘దాటిన’ అన్న మాట తప్పకుండా ఉండాలి. లేకపోతే మొత్తం 3 రూపాయల తేడాకు 2.40 మీరు అడుగుతారు, 1.60 వాళ్లు ఇస్తారు. ధర రుజువుగా ఏ కాగితం చూపిస్తారో కూడా రాయండి, మిల్లు ఆ రోజు ఇచ్చిన రేటు పత్రమో, ప్రొఫార్మానో. తగ్గినప్పుడు తగ్గిస్తామని రాయడానికి వెనకాడొద్దు. రెండు వైపులా కదిలే సూత్రాన్నే పర్చేజ్ విభాగం తన పైవాళ్లకు చూపించగలదు.

8. తిరగరాసిన రూపం

> రేటు గడువు: ఈ రేటు 24 ఏప్రిల్, శుక్రవారం సాయంత్రం 4 గంటల వరకు. ఆలోపు సంతకం చేసిన పీవో మాకు అంది, అడ్వాన్సు మా ఖాతాలో జమ అయితేనే రేటు ఖాయమవుతుంది. గడువు దాటాక కొత్త కొటేషన్ తీసుకోవాలి.
>
> అడ్వాన్సు: జీఎస్టీ కాక సరుకు విలువలో 50 శాతం, రూ. 2,52,000. స్టీరియో ఖర్చు విడిగా, అడ్వాన్సుతో పాటు. అడ్వాన్సు మూడు లాట్లలో సమానంగా, లాట్‌కు రూ. 84,000 చొప్పున సర్దుబాటు అవుతుంది.
>
> మిగతా మొత్తం: 1, 2 లాట్లకు బాకీ, జీఎస్టీతో కలిపి, ప్రొఫార్మా మీద, సరుకు బయలుదేరే ముందు. 3వ లాట్‌కు చలానా మీద సరుకు అందినట్టు సంతకమైన తేదీ నుంచి 30 రోజుల్లో.
>
> జీఎస్టీ: సరఫరా సమయంలో అమల్లో ఉన్న రేటు, ప్రస్తుతం 5 శాతం, అదనం.
>
> సంఖ్య, లోపాలు: సంఖ్యలో 5 శాతం అటూఇటూ ఉండవచ్చు, బిల్లు దించిన సంఖ్యకే. కనిపించే నష్టం చలానా మీద, ఇతర లోపాలు 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. వివాదంలో ఉన్న పెట్టెల విలువ మాత్రమే ఆపవచ్చు.
>
> రద్దు: ఆర్డరు రద్దయితే, అప్పటికి కోసిన కాగితం, ముద్రించిన సరుకు విలువ అడ్వాన్సులోంచి మినహాయిస్తాము.
>
> డెలివరీ: అడ్వాన్సు జమ, డిజైన్ ఆమోదం, వీటిలో తర్వాత జరిగిన రోజు నుంచి 12 పని దినాల్లో మొదటి లాట్. తర్వాతి లాట్ల తేదీలు పీవోలో పేర్కొనాలి, చివరిది జూలై 15లోపు.
>
> ఉద్యమ్ నమోదిత చిన్న పరిశ్రమ, నంబరు ………. ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006, 15, 16 సెక్షన్లు వర్తిస్తాయి.

చివరి లాట్‌కు తేదీ పెట్టడం మరవొద్దు. లేకపోతే కాగితం మీ షెడ్డులో, డబ్బు దాని మీద, సీజన్ ముగిసినా ‘వచ్చే నెల పంపండి’ అన్న ఫోన్లు. పార్టీ చెన్నైలోనో, బెంగళూరులోనో ఉంటే ఇదే అర్థాన్ని ఇంగ్లీషులో రాయించండి, అంకెలూ తేదీలూ మాత్రం మారకూడదు.

9. పీవో వచ్చాక

పీవో మొదటి పేజీలో మీ రేటే ఉంటుంది. వెనక పేజీలో చిన్న అక్షరాల్లో వాళ్ల సొంత షరతులు ఉంటాయి, ‘పేమెంట్ 60 రోజులు, క్వాలిటీ ఆమోదం తర్వాత’ అని. కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం ఎలాంటి మార్పూ లేకుండా ఉండాలి. షరతు మార్చి పంపిన పీవో మీ కొటేషన్‌కు అంగీకారం కాదు, వాళ్ల కొత్త ప్రతిపాదన. దానికి మీరు మారుమాట చెప్పకుండా సరుకు పంపితే, వాళ్ల షరతులకు ఒప్పుకున్నట్టే వాదిస్తారు.

అందుకే పీవో అందిన రోజే మీ కొటేషన్ పక్కన పెట్టుకుని ఐదు అంకెలు పోల్చండి. రేటు, అడ్వాన్సు, సర్దుబాటు, అప్పు రోజులు, ఆ రోజుల లెక్క మొదలయ్యే తేదీ. ఏది తేడా ఉన్నా ఆ రోజే ఈమెయిల్ పెట్టండి. ‘మీ పీవో నంబరు ఫలానా అందింది. పేమెంట్ షరతు మా కొటేషన్ ప్రకారం సవరించి పంపండి. సవరణ అందాక పని మొదలవుతుంది.’ అడ్వాన్సు అప్పటికే జమయితే చాలామంది ఇక్కడ మొహమాటపడి ఊరుకుంటారు. మొహమాటం లేకుండా అడగగలిగేది కాగితం కోయకముందే.

గడువు దాటాక పీవో వస్తే పాత కొటేషన్ మీద తేదీ కొట్టేసి కొత్త తేదీ రాయొద్దు. కొత్త నంబరుతో, ‘సవరణ 1’ అని, ఆ రోజు కాగితం ధరతో మళ్లీ ఇవ్వండి. పై వరుసలో ‘ఇది 20 ఏప్రిల్ నాటి కొటేషన్‌ను రద్దు చేస్తుంది’ అని రాయండి. ధర మారకపోయినా సరే, కొత్త నంబరే ఇవ్వండి. పార్టీ ఫైలులో రెండు కొటేషన్లు ఉంటే, ఆరు నెలల తర్వాత ఆడిటర్ చేతికి వచ్చేది ఏదో మీకు తెలిసి ఉండాలి.